కొటేషన్‌లో లేని అదనపు ఛార్జీలు: బిల్డర్‌కి రిఫండ్ లేదా సర్దుబాటు లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: బెంగళూరు హొరమావులో మా సొంత 30×40 సైట్‌లో జీ+1 ఇల్లు కట్టించాం. మెటీరియల్‌తో కలిపి ఎస్‌ఎఫ్‌టీ 2,100 చొప్పున 1,680 అడుగులకి 35,28,000 కొటేషన్. అందులో 1,51,200 మేం ఇంకా ఇవ్వాలి. పని అయ్యాక బిల్డర్ 5,43,272 అదనపు బిల్లు పెట్టాడు: ఏరియా 124 అడుగులు పెరిగిందని 2,60,400, రాయి తవ్వకం 72,000, స్టీలు రేటు పెరిగిందని 84,000, సంప్ పెద్దది కట్టానని 44,000, పైన జీఎస్‌టీ 82,872. అదనపు బిల్లు కింద 3 లక్షలు కడితేగానీ తాళాలు ఇవ్వనంటే కట్టేశాం. మిగతాది కట్టమని ఇప్పుడు రోజూ ఫోన్లు. ఆయనది మదనపల్లె, తెలుగులో రాసినా చదువుతాడు. లెటర్ ఎలా రాయాలి? కొటేషన్, బిల్లు, ఆయన కొలతల కాగితం, వాట్సాప్ మెసేజ్‌ల ఫోటోలు, సైట్ ఫోటోలు, సంప్ కొలతలు జత చేశాను.

జవాబు:

లెటర్ ముట్టుకునే ముందు బిల్లులో ఏది న్యాయం, ఏది కాదు అన్నది మీరే తేల్చుకోవాలి. "కొటేషన్‌లో లేనిదేదీ ఇవ్వం" అని గంపగుత్తగా రాస్తే ఒక్క వాట్సాప్ మెసేజ్ చూపించి మీ లెటర్ మొత్తాన్ని కొట్టేస్తాడు. ఇవ్వాల్సింది ఇస్తామని అంకెతో సహా ఒప్పుకుని, మిగతాది ఎందుకు చెల్లదో అంశం వారీగా చూపిస్తే జవాబు చెప్పుకోవాల్సిన బాధ్యత ఆయన మీద పడుతుంది. ఫోటోలన్నీ చూశాను. మీ బిల్లులో రెండు అంశాలు కొంతవరకు న్యాయమే.

ముందు పెద్ద మొత్తం, ఏరియా. మీ కొటేషన్ మూడో లైన్‌లో "గోడ బయటి అంచు నుంచి బయటి అంచు వరకు కొలత, బాల్కనీ సగం" అని ఉంది. మీ అదృష్టం, చాలా కొటేషన్లలో ఈ లైనే ఉండదు. ఆ పద్ధతిలో కొలిస్తే ఒక్కో అంతస్తు 24×32, అంటే 768. రెండు అంతస్తులకి 1,536. ముందు బాల్కనీ 24×4 అంటే 96, అందులో సగం 48. మెట్ల మీది హెడ్‌రూమ్ 8×12, అంటే 96. మొత్తం 1,680. కొటేషన్ అంకె కూడా అదే. మరి 1,804 ఎలా వచ్చింది? ఆయన కొలతల కాగితంలోనే జవాబుంది. బాల్కనీని పూర్తిగా పట్టుకున్నాడు, అక్కడ 48 పెరిగింది. కిటికీల మీది సన్‌షేడ్లని రెండడుగుల వెడల్పున, మొత్తం 38 అడుగుల పొడవున శ్లాబ్ కిందే కలిపేశాడు, అక్కడ 76. రెండూ కలిస్తే సరిగ్గా 124. ఇల్లు ఒక్క అంగుళం కూడా పెరగలేదు, టేపు పట్టే పద్ధతి మారింది. లెటర్‌లో ఈ మాటే రాయాలి. "ఏరియా పెరగలేదు" అంటే అది వాదన అవుతుంది. "48, 76 ఎక్కడివో మీ కాగితంలోనే ఉంది" అంటే అది లెక్క. కొలత పద్ధతి రాయని కొటేషన్ ఉన్నవాళ్లకి ఇంత తేలిక కాదు. వాళ్లు "అదే డ్రాయింగ్ చూసి మీరే ఇంత ఏరియా అని రాశారు, డ్రాయింగ్ మారలేదు" అన్న దాని మీద నిలబడాలి.

రాయి తవ్వకం దగ్గర మాత్రం మొత్తం కాదనకండి. కొటేషన్‌లో "మామూలు నేలలో 5 అడుగుల వరకు, రాయి తగిలితే బ్రేకర్ గంటల లెక్కన అదనం" అని ఉంది, మీరు సంతకం పెట్టారు. బెంగళూరులో చాలాచోట్ల రెండు మూడు అడుగులకే బండ తగులుతుంది కాబట్టి ఈ షరతు పెట్టడం మామూలే. అడగాల్సింది గంటల గురించి. గంటకి 1,800 చొప్పున 40 గంటలు వేశాడు. మీరు జత చేసిన ఫోటోల్లో బండ పగలగొట్టే బ్రేకర్ రెండు రోజులే కనిపిస్తోంది. మూడో రోజు ఉదయం ఫోటోలో బండి లేదు, ఫుటింగ్ గుంతల్లో అప్పటికే పీసీసీ, అంటే అడుగున వేసే కాంక్రీటు, పోసి ఉంది. రోజుకి 8 గంటల చొప్పున 16 గంటలు, 28,800. బ్రేకర్ అద్దెకిచ్చినవాళ్లు గంటలు రాసి ఇచ్చే ట్రిప్ షీటు ఉంటుంది. అది చూపిస్తే ఆ గంటలు ఒప్పుకుంటామని రాయండి, చూపించకపోతే 16 గంటలకే కట్టుబడండి. ఇంకో మాట: గట్టి బండ తగిలితే స్ట్రక్చరల్ ఇంజనీర్ చాలాసార్లు ఫుటింగ్‌ని 5 అడుగుల దాకా దించకుండా అక్కడే ఆపమంటాడు. మీ ఇంట్లో అలా జరిగిందేమో ఇంజనీర్‌ని అడగండి. లోతు తగ్గి ఉంటే మట్టి తవ్వకం, పునాది గోడ రెండూ బిల్డర్‌కి మిగిలినట్టే. లెటర్‌లో పెట్టొద్దు, బేరం దగ్గర పనికొస్తుంది.

స్టీలు మాట సూటిగా తేలిపోతుంది. కొటేషన్‌లో "సిమెంటు, స్టీలు, ఇసుక, కూలీ సహా" అని ఒకే రేటు ఉంది, ధరలు పెరిగితే సర్దుబాటు చేస్తామన్న షరతు ఎక్కడా లేదు. రేటు తగ్గి ఉంటే ఆ తేడా మీకు తిరిగిచ్చేవాడు కాదు కదా, పెరిగినా భారం ఆయనదే. కిలోకి 12 రూపాయల తేడా, 7,000 కిలోలు అని వేశాడు. ఎస్‌ఎఫ్‌టీకి నాలుగు కిలోల చిల్లర, ఇలాంటి ఇంటికి అది నమ్మదగ్గ పరిమాణమే. కాబట్టి బరువు గురించి వాదించకండి. బరువు మీద వాదన మొదలుపెడితే రేటు పెంపుని ఒప్పుకున్నట్టు అర్థం వస్తుంది. కానీ ఒకటి తప్పకుండా చేయండి: ఆయనతో నడిచిన వాట్సాప్ చాట్ మొత్తంలో "స్టీలు", "రేటు" అని వెతకండి. మొదటి శ్లాబ్ అప్పుడు ఆయన "స్టీలు పెరిగింది, తర్వాత చూసుకుందాం" అని పెడితే మీ ఇంట్లో ఎవరో "సరే అన్నా" అనో, బొటనవేలి బొమ్మో పెట్టి ఉంటే దాన్నే ఒప్పందం మార్పు అంటాడు. ఉందో లేదో ముందే తెలుసుకుని రాయాలి. మీరు పంపిన భాగంలో నాకు కనిపించలేదు.

సంప్ సంగతి చూద్దాం. 6,000 లీటర్ల బదులు 10,000 కట్టమని మీ వాట్సాప్ మెసేజ్ ఉంది. అడిగి చేయించుకున్న పనికి రేటు ముందుగా అనుకోకపోయినా తగిన ధర ఇవ్వాలి. భారత కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 70 చెప్పేది అదే: ఉచితంగా కాకుండా చేసిన పని వల్ల లాభం పొందినవాడు పరిహారం ఇవ్వాలి. అయితే ఆయన నిజంగా 10,000 లీటర్లు కట్టాడా? సంప్ ఖాళీ చేయించిన రోజున లోపలి కొలతలు తీసుకోండి. అడుగుల్లో పొడవు, వెడల్పు, లోతు గుణించి 28.32తో గుణిస్తే లీటర్లు వస్తాయి. మీరు రాసిన కొలత 8×5×7, అంటే 280 ఘనపుటడుగులు, సుమారు 7,930 లీటర్లు. నీళ్లు మూత దాకా నిండవు కాబట్టి నిజానికి ఇంకా తక్కువే, కానీ ఆ తేడా వదిలేయండి. అదనంగా కట్టింది 1,930 లీటర్లు. ఆయన వేసిన లీటరుకి 11 రూపాయల రేటే ఒప్పుకుంటే 21,230. ఆయన రేటుని ఆయనకే వర్తింపజేస్తున్నారు కాబట్టి కాదనలేడు.

జీఎస్‌టీ దగ్గర జాగ్రత్త. మెటీరియల్‌తో కలిపి ఇల్లు కట్టించే కాంట్రాక్టుకి 18 శాతం పన్ను ఉన్న మాట నిజమే. ఒక్క ఇంటికి కూలీ మాత్రమే తీసుకునే కాంట్రాక్టుకే మినహాయింపు. మీ కొటేషన్ చివర "అన్ని పన్నులతో కలిపి" అని ఉంది, మీరు నిలబడాల్సింది దాని మీద. బిల్లు మీద జీఎస్‌టీఐఎన్, అంటే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ నంబరు, కూడా లేదు. రిజిస్ట్రేషన్ లేనివాడు జీఎస్‌టీ పేరుతో వసూలు చేయకూడదు, చిన్న వ్యాపారులకి ఉండే కంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాడూ చేయకూడదు. ఈ రెండు మాటలు రాసి ఆగండి. "పన్ను ఎగ్గొడుతున్నావు, కంప్లయింట్ పెడతా" అన్న బెదిరింపు వద్దు. మీ కొటేషన్‌లో "పన్నులు అదనం" అని ఉండి ఉంటే ఆ బెదిరింపు తిరిగి మీ మీదికే వచ్చేది: 35,28,000 మీద 18 శాతం అంటే 6,35,040. ఇది చదువుతున్న మిగతావాళ్లు ఆ లైన్ చూసుకున్నాకే పన్ను మాట ఎత్తాలి. మీ విషయంలో ఆయన సరైన ట్యాక్స్ ఇన్వాయిస్ ఇస్తే, ఒప్పుకున్న అదనపు పని మీద పన్ను, సుమారు 9,005 రూపాయలు, మాట్లాడుకోవచ్చు. అంతకు మించి లేదు.

ఇక లెక్క. ఒప్పుకునే అదనం 28,800, 21,230 కలిపి 50,030. అసలు ఒప్పందంలో మీరివ్వాల్సిన 1,51,200 దానికి కలిపితే 2,01,230. అదనపు బిల్లు కింద మీరు కట్టింది 3,00,000. ఆయన తిరిగి ఇవ్వాల్సింది 98,770. చాలామంది తడబడేది ఇక్కడే: ఇవ్వాల్సిన చివరి వాయిదా మరిచిపోయి మొత్తం 3 లక్షలు రిఫండ్ అడుగుతారు. అప్పుడు బిల్డర్ "మీరే బాకీ" అని మొదలుపెడతాడు. సర్దుబాటు మీరే చేసి చూపించండి.

తాళాల కోసం కట్టిన 3 లక్షల గురించి ఒక వాక్యం తప్పనిసరి. బలవంతం మీద కట్టిన సొమ్ము తిరిగి అడగొచ్చని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 72 చెబుతోంది. కానీ బిల్లు ఒప్పుకుని కట్టలేదు, తాళాల కోసం కట్టాం అన్నది రాతలో ఉండాలి. కట్టిన రోజునే "అభ్యంతరంతో కడుతున్నాం" అని మెసేజ్ పెట్టి ఉంటే బాగుండేది. లేదు కాబట్టి ఇప్పుడు లెటర్‌లో రాయండి. తాళాలు తీసుకునేటప్పుడు ఏదైనా కాగితం మీద సంతకం పెట్టారేమో గుర్తు తెచ్చుకోండి. "ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్" అన్న మాట దానిలో ఉంటే లెటర్ పంపే ముందు లాయర్‌కి చూపించాలి.

లెటర్ ఇలా ఉండొచ్చు:

తేదీ: ……

గౌరవనీయులైన …… గారికి,

విషయం: హొరమావులోని మా ఇంటి నిర్మాణం, …… తేదీ కొటేషన్‌లో లేని ఛార్జీల సర్దుబాటు, రూ. 98,770 వాపసు గురించి.

…… తేదీ కొటేషన్ ప్రకారం 1,680 చదరపు అడుగులకి రూ. 2,100 చొప్పున రూ. 35,28,000 మొత్తానికి మీరు మా ఇల్లు కట్టారు. …… తేదీన మీరు ఇచ్చిన రూ. 5,43,272 అదనపు బిల్లును కొటేషన్‌తో, సైట్ కొలతలతో పోల్చి చూశాం. అంశాల వారీగా మా సమాధానం ఇది.

ఒకటి, ఏరియా (రూ. 2,60,400): కొటేషన్ మూడో లైన్ ప్రకారం గోడ బయటి అంచు నుంచి కొలిచి, బాల్కనీ సగం తీసుకుంటే ఏరియా 1,680 చదరపు అడుగులే. మీ కొలతల కాగితంలో బాల్కనీ పూర్తిగా తీసుకోవడం వల్ల 48, సన్‌షేడ్లు కలపడం వల్ల 76 అడుగులు ఎక్కువ వచ్చాయి. ఈ మొత్తం అంగీకరించడం లేదు.

రెండు, రాయి తవ్వకం (రూ. 72,000): కొటేషన్ ప్రకారం ఇది అదనమే. …… , …… తేదీల్లో బ్రేకర్ పనిచేసిన 16 గంటలకి రూ. 28,800 అంగీకరిస్తున్నాం. ఎక్కువ గంటలకి ట్రిప్ షీటు చూపిస్తే మళ్లీ పరిశీలిస్తాం.

మూడు, స్టీలు ధర తేడా (రూ. 84,000): మెటీరియల్‌తో కలిపిన స్థిర రేటు ఇది. ధరల సర్దుబాటు షరతు లేదు. అంగీకరించడం లేదు.

నాలుగు, సంప్ (రూ. 44,000): లోపలి కొలత 8×5×7 అడుగులు, సుమారు 7,930 లీటర్లు. అదనపు 1,930 లీటర్లకి మీ రేటు ప్రకారం రూ. 21,230 అంగీకరిస్తున్నాం.

ఐదు, జీఎస్‌టీ (రూ. 82,872): కొటేషన్ అన్ని పన్నులతో కలిపి ఇచ్చినది. బిల్లులో జీఎస్‌టీఐఎన్ లేదు. అంగీకరించడం లేదు.

…… తేదీన కట్టిన రూ. 3,00,000 ఈ బిల్లును ఒప్పుకుని కట్టింది కాదు, ఇంటి తాళాల కోసం తప్పక కట్టింది. అందులోంచి అంగీకరించిన రూ. 50,030, ఒప్పందంలో మిగిలిన రూ. 1,51,200 సర్దుబాటు చేస్తే మాకు రావాల్సింది రూ. 98,770. అదనపు బిల్లులో మిగిలిన రూ. 2,43,272 డిమాండ్ రద్దు చేయాలి.

కొలతల మీద అభ్యంతరం ఉంటే …… తేదీ ఆదివారం ఉదయం 10 గంటలకి సైట్‌కి రండి, ఇద్దరం కలిసి కొలుద్దాం. లేకపోతే ఈ లెటర్ అందిన 15 రోజుల్లో రూ. 98,770 మా బ్యాంకు ఖాతాలో వేయగలరు. అలా జరగకపోతే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాల్సి వస్తుంది.

జతలు: కొటేషన్, అదనపు బిల్లు, మీ కొలతల కాగితం, బ్రేకర్ ఫోటోలు, సంప్ కొలతల ఫోటోలు, చెల్లింపుల స్టేట్‌మెంట్.

సంతకం

లెటర్ అంతే. "మోసం", "దగా" అన్న మాటలు ఎక్కడా రాలేదు చూడండి, కావాలనే. ఇంట్లో ఎక్కడైనా నీరు కారుతున్నా, టైల్స్ లేచినా అది కూడా ఇందులో కలపకండి. అది వేరే లెటర్. కలిపితే "టైల్స్ సరిచేస్తాను, లెక్క వదిలేయండి" అనే బేరానికి దిగుతాడు.

ఉమ్మడి కొలతకి పిలవడం మర్యాద కోసం కాదు. ఆయన రాకపోతే ఒక సివిల్ ఇంజనీర్ చేత కొలిపించి సంతకంతో కొలతల సర్టిఫికెట్ తీసుకోండి. పిలిచినా రాలేదు, అందుకే ఈ కొలత అని చెప్పడానికి మీ దగ్గర రాత ఉంటుంది. వస్తే మాత్రం కొలతలన్నీ కాగితం మీద రాసి, అక్కడికక్కడే ఇద్దరూ సంతకం పెట్టాలి.

పంపడం స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది. అదే రోజు పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లోనూ పంపండి, నీలం టిక్కుల స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. తెలుగు లెటర్ బిల్డర్‌కి సరే, కానీ అదే లెటర్ ఇంగ్లీషులోనూ తయారుచేసి రెండూ ఒకే కవరులో పెట్టండి. వ్యవహారం బెంగళూరు కమిషన్ దాకా వెళ్తే అక్కడ ఆ ప్రతే పనికొస్తుంది. ఈ పదిహేను రోజుల్లో ఫోన్ చేస్తే "లెటర్‌కి లెటర్‌లోనే జవాబివ్వండి అన్నా" అని పెట్టేయండి. "మిగతాది నెలాఖరుకి చూద్దాం" అన్న మాట నోటి నుంచీ, మెసేజ్ నుంచీ రాకూడదు.

ఆయన ఏదో ఒక అంకెతో బేరానికి వస్తాడనే అనుకుంటున్నాను. వదులుకోవాల్సి వస్తే రాయి గంటల్లో వదులుకోండి, 16ని 24 చేసినా మీకు పోయేది 14,400. ఏరియాలో ఒక్క అడుగు కూడా ఒప్పుకోవద్దు. బాల్కనీ పూర్తి కొలత ఒప్పుకున్నారంటే కొటేషన్ మూడో లైన్‌ని మీరే చెరిపేసినట్టు, అప్పుడు సన్‌షేడ్లకి అడ్డు ఉండదు. తేలితే ఆ తేలిన అంకెని కాగితం మీద రాయించుకుని, డబ్బు ఖాతాలో పడ్డాకే మీరూ సంతకం పెట్టండి.

తేలకపోతే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా దగ్గరికి వెళ్లకండి. సొంత సైట్‌లో కాంట్రాక్టర్ చేత కట్టించుకున్న ఇల్లు దాని కిందికి రాదు. అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకే అది. మీ దారి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టంలో ఇల్లు కట్టడం కూడా సేవల్లోకే వస్తుంది, మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. ఫీజు, ఏ స్థాయి కమిషన్ అన్నవి మీరు అడిగే 98,770 బట్టి కాదు, మీరు కట్టిన మొత్తం బట్టి. మీరు కట్టింది 33,76,800, దాని మీద 3 లక్షలు, అంటే 36,76,800. 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషనే, 20 నుంచి 50 లక్షల శ్రేణిలో ఫీజు 1,000 రూపాయలు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫైల్ చేయొచ్చు. గడువు రెండేళ్లు, వివాదం పుట్టిన రోజు నుంచి. మీరు లెటర్లు రాసుకుంటూ పోయినంత మాత్రాన అది పొడిగించబడదు. కాబట్టి అదనపు బిల్లు తేదీ, 3 లక్షలు కట్టిన తేదీ రెండూ క్యాలెండర్‌లో రాసుకుని ముందు వచ్చేదాని నుంచే లెక్కపెట్టుకోండి.